అమెరికా ఈల్డ్ కర్వ్ తిరగబడితే ఉండి చెరువుకు భయమా?

ప్రశ్న: మాది భీమవరం పక్కన ఉండి అనే ఊరి దగ్గర. వనామీ రొయ్యల చెరువులు చేస్తాం. సరుకు చాలావరకు అమెరికాకే పోతుందంటారు. 2022లో అక్కడ ఈల్డ్ కర్వ్ తిరగబడింది, మాంద్యం ఖాయం అన్నారు. రాలేదు. 2024లో కర్వ్ మళ్లీ మామూలైంది, "అసలు దెబ్బ ఇప్పుడే" అంటున్నారు. అసలు ఈ కర్వ్ ఏంటి, ఎంతవరకు నమ్మచ్చు? అప్పు చేసి ఇంకో రెండు చెరువులు తవ్విద్దామనుకుంటున్నా, ఆగాలా?

జవాబు:

సూటిగా చెప్తానండి. ఆ కర్వ్ చూసి పంట వేయాలా వద్దా అని తేల్చుకోవద్దు. అది తిరగబడిందంటే అర్థం ఒక్కటే: రాబోయే రెండు మూడేళ్లలో అమెరికాలో వడ్డీ రేట్లు ఇప్పటికంటే బాగా తగ్గుతాయని బాండ్లు కొనేవాళ్లు అనుకుంటున్నారు, ఊరికే అనుకోవడం కాదు, డబ్బు పెట్టి మరీ అనుకుంటున్నారు. వడ్డీలు తగ్గడానికి మాంద్యం ఒక కారణం కావచ్చు. ధరల పెరుగుదల అదుపులోకి రావడం ఇంకో కారణం కావచ్చు. వీటిలో ఏది అన్నది కర్వ్ చెప్పదు. 2022 తర్వాత జనం తప్పుగా చదివింది సరిగ్గా అక్కడే.

నేను ముంబైలో ఒక బ్యాంకు ట్రెజరీలో, ప్రభుత్వ బాండ్లు కొని అమ్మే డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక భీమవరం వచ్చేసినవాణ్ని. కాబట్టి బాండ్ల సంగతి అనుభవం మీద చెప్తాను. రొయ్యల సంగతి మీకే ఎక్కువ తెలుసు.

ముందు ఈల్డ్ అంటే ఏంటో ఒక లెక్కలో చూద్దాం. ప్రభుత్వం 100 రూపాయల బాండ్ ఇచ్చింది, ఏటా 7 రూపాయలు వడ్డీ. దాని గడువు ఇంకో ఏడాదే ఉంది. బజార్లో ఎవరో డబ్బు అవసరమై దాన్ని 98 రూపాయలకు అమ్మారు, మీరు కొన్నారు. ఏడాది తర్వాత మీ చేతికి 107 వస్తుంది. 98 పెడితే 9 మిగిలింది, అంటే దాదాపు 9.2 శాతం. బాండ్ మీద రాసి ఉన్న వడ్డీ 7 శాతమే, మీకు గిట్టింది 9.2. ఆ గిట్టిందే ఈల్డ్. బాండ్ ధర పడితే ఈల్డ్ పెరుగుతుంది, ధర పెరిగితే ఈల్డ్ తగ్గుతుంది. "ఈల్డ్ పెరిగింది" అని పేపర్లో చదివితే "పాత బాండ్లు చవకయ్యాయి" అని చదువుకోండి, తికమక ఉండదు.

మూడు నెలల బిల్లు దగ్గర్నుంచి 30 ఏళ్ల బాండ్ దాకా ఒక్కోదాని ఈల్డ్‌ను వరసగా గీస్తే వచ్చే గీతే కర్వ్. మామూలుగా అది కుడివైపుకు ఎక్కుతూ పోతుంది. పదేళ్లు డబ్బు ఇరుక్కుపోతుంది కాబట్టి ఇచ్చేవాడు ఎక్కువ అడుగుతాడు. అది తిరగబడడం అంటే రెండేళ్ల బాండ్‌కు ఎక్కువ, పదేళ్ల బాండ్‌కు తక్కువ రావడం.

ఎవరైనా పదేళ్లకు తక్కువ వడ్డీ ఎందుకు ఒప్పుకుంటారు? మన లీజుల్లో ఆలోచించండి. ఒక భూమి ఆసామి ఏడాది లీజుకైతే ఎకరానికి ఎక్కువ, ఐదేళ్లకు రాసుకుంటే ఏడాదికి కొంచెం తక్కువైనా పర్లేదు అన్నాడనుకోండి. వచ్చే ఏడాది నుంచి లీజులు పడిపోతాయని అతనికి గట్టి అనుమానం ఉన్నట్టు. ఇప్పుడున్న రేటునే ఐదేళ్లకు కట్టేసుకుంటే చాలనుకుంటున్నాడు. పదేళ్ల బాండ్ కొనేవాడి లెక్క కూడా అదే.

ఇది ఎంత గట్టి అంచనానో ఒకసారి అంకెల్లో చూడండి. 2023 జులై మొదట్లో అమెరికా రెండేళ్ల బాండ్ ఈల్డ్ రమారమి 4.9 శాతం, పదేళ్లది 3.9 శాతం. చక్రవడ్డీ పక్కన పెట్టి లెక్క వేద్దాం. పదేళ్ల బాండ్ కొన్నవాడికి పదేళ్లలో మొత్తం 39 వస్తుంది. రెండేళ్లది కొన్నవాడికి ముందు రెండేళ్లలోనే 9.8 వచ్చేస్తుంది. ఇద్దరూ చివరికి సమానంగా తేలాలంటే రెండోవాడికి మిగతా ఎనిమిదేళ్లలో 29.2 వస్తే చాలు, అంటే ఏడాదికి 3.65. అప్పట్లో ఫెడ్, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు, తన రేటును 5 శాతం పైన పెట్టుకుని కూర్చుంది. ఆ రేటు అక్కడే ఉంటుందని నమ్మినవాడు 3.9కి పదేళ్ల బాండ్ ముట్టుకోడు. "ఫెడ్ దిగక తప్పదు" అన్నవాళ్లే దాన్ని కొన్నారు.

ఇప్పుడు మాంద్యంతో సంబంధం ఎక్కడిది అంటారా? ఫెడ్ రేట్లు తగ్గించేది ఎక్కువగా ఉద్యోగాలు పోయి, వ్యాపారాలు మందగించినప్పుడే. కాబట్టి "ఫెడ్ దిగుతుంది" అన్న అంచనా చాలాసార్లు "మందగమనం వస్తుంది" అన్న అంచనాతో కలిసే వస్తుంది. రెండోది బ్యాంకుల సంగతి. బ్యాంకు డిపాజిట్లు తీసుకునేది కొద్దికాలానికి, అప్పులిచ్చేది ఎక్కువ కాలానికి. కిందవైపు వడ్డీ, అంటే కొద్దికాలానిది, పైదాన్ని మించిపోతే దానికి మిగిలేది ఉండదు, కొత్త అప్పులు ఇవ్వడానికి చెయ్యి రాదు. అప్పులు బిగుసుకుంటే ఊళ్లో పనులు ఆగుతాయి. అంటే కర్వ్ కొంత ముందుచూపు, కొంత తానే ఒక కారణం. దాని వెనక వేరే మాయ లేదు.

ఈ సంబంధాన్ని పద్ధతిగా చూపించినవాడు క్యాంప్‌బెల్ హార్వే. 1986లో షికాగో యూనివర్సిటీలో ఆయన పీహెచ్‌డీ దీని మీదే. ఆ తర్వాత మాంద్యాల ముందు అది నిజంగానే తిరగబడింది. 2000 మొదట్లో తిరగబడింది, 2001 మార్చిలో మాంద్యం. 2006లో తిరగబడింది, 2007 డిసెంబర్‌లో మాంద్యం. 2019లో తిరగబడింది, 2020 ఫిబ్రవరి తర్వాత మాంద్యం. కానీ చివరిది కోవిడ్ వల్ల వచ్చింది, దాన్ని బాండ్ల ఖాతాలో వేయడం నాకు నచ్చదు. వైరస్ సంగతి బాండ్ డీలర్లకు ఏం తెలుసు?

ఈ జాబితాలో చూడాల్సింది మధ్యలో ఉన్న గడువు. ఒకసారి ఏడాది, ఇంకోసారి దాదాపు రెండేళ్లు. మీ వనామీ పంట నాలుగు నెలలది. కర్వ్ తిరగబడడం గంట, మాంద్యం బస్సు అనుకోండి; గంట కొట్టాక ఏడాదికో రెండేళ్లకో బస్సు వస్తుందంటే, ఆలోపు మీరు నాలుగైదు పంటలు తీసేస్తారు. "ఈ పంట వేయనా" అన్న ప్రశ్నకు కర్వ్ దగ్గర జవాబు లేదు అన్నది అందుకే.

ఇంకోటి, ఉత్తుత్తి గంటలు కూడా ఉన్నాయి. 1966లో అమెరికా కర్వ్ తిరగబడింది, ఎదుగుదల మందగించింది, మాంద్యం మాత్రం రాలేదు. అది ఎప్పటిదో అనుకుంటే, నా కళ్లముందు మన దేశంలోనే జరిగింది చెప్తాను.

2013 మే నెలలో అప్పటి ఫెడ్ చైర్మన్ బెన్ బెర్నాంకే బాండ్లు కొనడం తగ్గిస్తామని సూచన ఇచ్చేసరికి, మన దేశం నుంచి డబ్బు బయటకు పోవడం మొదలై రూపాయి జారిపోయింది. జులై 15, సోమవారం, బజార్ మూసేశాక ఆర్‌బీఐ ఒక ప్రకటన ఇచ్చింది. బ్యాంకులు అత్యవసరంగా తన దగ్గర తీసుకునే డబ్బు మీద, అంటే ఎంఎస్‌ఎఫ్ మీద, వడ్డీని 8.25 నుంచి ఒక్కసారిగా 10.25 చేసింది. రెపో కింద, అంటే బ్యాంకులకు తను మామూలుగా ఇచ్చే కొద్దిరోజుల అప్పు కింద, ఇచ్చే డబ్బుకు కూడా పరిమితి పెట్టింది. మర్నాడు పొద్దున డీలింగ్ రూములో స్క్రీన్ మీద మూడు నెలల ట్రెజరీ బిల్లులు అమ్ముతామనేవాళ్లే తప్ప కొనేవాళ్లు కనపడలేదు. నెల తిరిగేసరికి 91 రోజుల బిల్లు ఈల్డ్ 11 శాతం దాటింది, పదేళ్ల బాండ్ 9 దరిదాపుల్లో ఉంది. చూడ్డానికి పుస్తకంలో బొమ్మలా నిఖార్సుగా తిరగబడ్డ కర్వ్.

మాంద్యం వచ్చిందా? రాలేదు. ఎదుగుదల నీరసంగా ఉంది గానీ సున్నా కిందకు పోలేదు. ఎందుకంటే అక్కడ కిందవైపు రేటును ఆర్‌బీఐ కావాలని పైకెత్తి పట్టుకుంది, రూపాయి మీద పందెం కాసేవాళ్లకు అప్పు దొరక్కుండా చేయడానికి. అది తాత్కాలికమని అందరికీ తెలుసు కాబట్టి పదేళ్ల బాండ్ అంత ఎత్తుకు పోలేదు. సెప్టెంబర్‌లో కొత్త గవర్నర్ రఘురాం రాజన్ ఆ ఎంఎస్‌ఎఫ్ రేటును దించడం మొదలుపెట్టారు, కర్వ్ కూడా నెమ్మదిగా మామూలైంది. అప్పట్నుంచి కర్వ్ తిరగబడిందని ఎవరు చెప్పినా నేను అడిగే మొదటి ప్రశ్న: కిందవైపు రేటును ఎవరు, ఎందుకు పైకెత్తారు?

అదే ప్రశ్న 2022 అమెరికాకు వేయండి. ఆ జూన్‌లో అక్కడ ద్రవ్యోల్బణం 9.1 శాతం. దాన్ని అణచడానికి ఫెడ్ 2022 మార్చి నుంచి 2023 జులై లోపు తన రేటును సున్నా దగ్గర్నుంచి 5.25–5.50కి తీసుకెళ్లింది. 2022 జులైలో రెండేళ్లు, పదేళ్ల ఈల్డ్‌లు తారుమారయ్యాయి, 2024 సెప్టెంబర్ మొదలు దాకా అలాగే ఉన్నాయి. ధరలు దిగొస్తే ఫెడ్ కూడా దిగుతుంది, దానికి మాంద్యమే రావాలని లేదు. చివరికి జరిగింది కూడా అంతే.

కానీ 5 శాతం పైన వడ్డీ ఉంటే ఆర్థిక వ్యవస్థ ఎందుకు కుదేలవలేదు? దీనికి నాకు బాగా నచ్చే వివరణ ఇళ్ల అప్పులు. అమెరికాలో ఇంటి అప్పు ఎక్కువగా 30 ఏళ్లకు ఒకే వడ్డీ మీద ఉంటుంది. 2020–21లో 3 శాతం అటూఇటూగా లక్షల కుటుంబాలు అప్పు తిరగరాయించుకున్నాయి. 2023 చివర్లో కొత్త ఇంటి అప్పు 8 శాతం దగ్గరకు పోయినా, పాతవాళ్ల నెలవారీ కిస్తీ రూపాయి, అదే డాలర్, కూడా పెరగలేదు. వాళ్లు హోటళ్లకు వెళ్లడం మానలేదు, రొయ్యలు తినడమూ మానలేదు. పెద్ద కంపెనీలు కూడా అలాగే చవక రోజుల్లో ఎక్కువ కాలానికి అప్పు తెచ్చి పెట్టుకున్నాయి. పైగా ప్రభుత్వం ఖర్చు తగ్గించలేదు.

దెబ్బ తగిలినవాళ్లు లేకపోలేదు. చవక రోజుల్లో ఎక్కువ కాలం బాండ్లు కొనేసిన సిలికాన్ వ్యాలీ బ్యాంక్, డిపాజిటర్లు డబ్బు అడిగేసరికి 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి 180 కోట్ల డాలర్ల నష్టం చూసింది. అది తెలిసి జనం ఇంకా ఎగబడ్డారు, 2023 మార్చి 10న మూతపడింది. పైన 98 రూపాయల బాండ్ లెక్క చెప్పాను కదా, అక్కడ కొన్నది మీరు, ఇక్కడ అమ్మింది ఆ బ్యాంకు. ఆ వారం "ఇదిగో మాంద్యం" అని అందరూ అన్నారు. అదీ రాలేదు.

ఇక మీరు విన్న రెండో మాట, "మామూలైనప్పుడే అసలు దెబ్బ". ఇది గాలి మాట కాదండి. 2001 జనవరిలో ఫెడ్ హడావుడిగా అర శాతం తగ్గించింది, మార్చిలో మాంద్యం మొదలైంది. 2007 సెప్టెంబర్‌లో అర శాతం తగ్గించింది, డిసెంబర్‌లో మొదలైంది. ఆ రెండుసార్లూ మాంద్యం వచ్చేసరికి కర్వ్ అప్పటికే మామూలై ఉంది. 2024 సెప్టెంబర్‌లో కూడా ఫెడ్ అర శాతమే తగ్గించేసరికి పాత సినిమా మళ్లీ వేస్తున్నారనుకున్నారు.

తేడా ఎక్కడుందంటే, కర్వ్ రెండు రకాలుగా మామూలవ్వచ్చు. ఉద్యోగాలు పోతున్నాయని భయపడి రెండేళ్ల ఈల్డ్ కుప్పకూలితే ఒక రకం. పదేళ్ల ఈల్డ్ పైకి పోతే ఇంకో రకం. మొదటిది చెడ్డ కబురు. రెండోది చాలావరకు "ఎదుగుదల బాగానే ఉంది" అనో, "ప్రభుత్వం మరీ ఎక్కువ అప్పు చేస్తోంది, మాకు ఇంకొంచెం వడ్డీ కావాలి" అనో చెప్పే కబురు. 2024లో ముందు రెండేళ్లదే దిగింది నిజమే. కానీ ఫెడ్ రేటు తగ్గించాక పదేళ్ల ఈల్డ్ తగ్గకపోగా 3.6–3.7 దగ్గర్నుంచి 2025 జనవరి మధ్యకు 4.8 దగ్గరకు ఎక్కింది. మాంద్యం భయం ఉన్న బజార్లో పదేళ్ల బాండ్లను అలా అమ్ముకోరు, ఎగబడి కొంటారు.

మీరే చూసుకోవాలంటే సెయింట్ లూయీస్ ఫెడ్ నడిపే FRED సైట్‌లో `T10Y2Y` అని వెతకండి. పదేళ్లదాంట్లోంచి రెండేళ్లది తీసేస్తే వచ్చే అంకె అది, సున్నా కింద ఉంటే తిరగబడినట్టు. మూడు నెలల బిల్లుతో పోల్చేది `T10Y3M`. నేను రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాను. ఒక్క రోజు సున్నా కిందకు పోతే పట్టించుకోను, మూడు నెలలన్నా అక్కడ ఉండాలి. తర్వాత `DGS2`, `DGS10` విడివిడిగా తీసి, కదిలింది ఏ చివరో చూస్తాను. యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు తేడా ఒక్కటే చూపించి భయపెడతారు, ఈ రెండు గీతలు పక్కపక్కన పెట్టి చూపించరు.

కింద కామెంట్లో ఒకరు, మన బ్యాంకుల్లో ఏడాది పైచిలుకు స్పెషల్ డిపాజిట్‌కు ఐదేళ్లదానికంటే ఎక్కువ వడ్డీ ఇస్తున్నారు, ఇదీ కర్వ్ తిరగబడడమేనా అన్నారు. చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ అది ఆ బ్యాంకు తనకు ఎప్పుడు ఎంత డబ్బు కావాలో చూసుకుని పెట్టుకునే ధర. దాన్నుంచి మాంద్యం చదవకండి. వడ్డీలు తగ్గుతాయని బ్యాంకు అనుకుంటోంది, ఐదేళ్లకు ఎక్కువ రేటు మాట ఇవ్వడం దానికి ఇష్టం లేదు, అంతవరకు మాత్రం నిజం.

ఇప్పుడు మీ చెరువుల సంగతి. అమెరికాలో నిజంగా మాంద్యం వస్తే మనకు తగలదని చెప్పను. హోటళ్ల గిరాకీ పడితే కొనుగోలుదారులు ఆర్డర్లు తగ్గిస్తారు, ఆ తగ్గింపు 100 కౌంట్ ధరగా మీ గట్టు మీదకు వస్తుంది. అయితే వనామీకి మన దేశంలో అనుమతి వచ్చిందే 2009లో, అక్కడి పెద్ద మాంద్యం ముగిసే ఏడాది. ఆ తర్వాత వచ్చింది 2020 ఒక్కటే, అప్పుడు ఓడలూ ప్లాంట్లూ కూడా ఆగిపోయాయి. అంటే మామూలు అమెరికా మాంద్యంలో వనామీ ధర ఎంత పడుతుందో చూసినవాళ్లు మన ప్రాంతంలో లేరు. ఇంత శాతం పడుతుందని ఎవరైనా ఖచ్చితంగా చెప్తే ఆ లెక్క ఎక్కడిదని అడగండి.

పైగా 2025లో రొయ్యకు తగిలిన దెబ్బ ఈ దారిలో రానే లేదు. ఆ ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఏ కర్వ్‌లోనూ అది ముందు కనపడలేదు, కనపడే వీలు కూడా లేదు.

అప్పు విషయంలో రెండు రకాలను కలపొద్దు. మేతకు, సీడ్‌కు తీసుకునేది పంటతో తీరిపోయే అప్పు, దానికి కర్వ్‌తో పని లేదు. చెరువు తవ్వకానికి, ఏరియేటర్లకు, కరెంటు లైనుకు తీసుకునేది ఐదారేళ్ల అప్పు. ఆలోపు అమెరికాలో ఒక మాంద్యం రావచ్చు, కర్వ్ తిరగబడినా తిరగబడకపోయినా సరే. కాబట్టి కిస్తీ లెక్క ఈ ఏడాది ధర మీద వేయకండి. గత ఐదేళ్లలో మీరు అమ్మిన అతి తక్కువ ధర తీసుకోండి, ఒక పంట వైట్‌స్పాట్ రోగంతో పోయిందనుకోండి, అప్పుడు కూడా కిస్తీ కట్టగలరా చూడండి. కట్టగలిగితే రెండు చెరువులూ తవ్వండి. కట్టలేకపోతే ఇప్పటికి ఒకటే తవ్వండి, లేదా రెండోది లీజుకు తీసుకోండి.

బ్యాంకులో సంతకం పెట్టే ముందు వడ్డీ దేనికి ముడిపెట్టారో అడగండి. రెపోకు ముడిపెడితే కనీసం మూడు నెలలకోసారి మారుతుంది. ఎంసీఎల్‌ఆర్‌కు, అంటే బ్యాంకు తన ఖర్చు చూసుకుని తనే పెట్టుకునే రేటుకు అయితే, రీసెట్ తేదీ దాకా కదలదు, ఎక్కువగా అది ఏడాదికోసారి. ఆర్‌బీఐ 2022 మేలో 4 శాతం ఉన్న రెపోను 2023 ఫిబ్రవరికి 6.5 చేసింది, 2025 ఫిబ్రవరి నుంచి మళ్లీ తగ్గిస్తూ వచ్చింది. అప్పుడు రెపో మీద ఉన్నవాళ్లకు కిస్తీ త్వరగా పెరిగింది, త్వరగానే తగ్గింది. మీ శాంక్షన్ లెటర్లో ఆ రీసెట్ లైను, దాని పక్కన రాసే స్ప్రెడ్, అంటే ఆ రేటు మీద బ్యాంకు కలిపే శాతం, ఈ రెండూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, పేరూ ఖాతా నంబరూ కనపడకుండా. చూసి చెప్తాను.